చిన్న ఆకు బొమ్మ: పిల్లల చాట్‌లో అపరిచితుణ్ణి గుర్తుపట్టడం
(చెన్నైలో తెలుగు తల్లిదండ్రుల సమావేశంలో ఒక స్కూల్ కౌన్సెలర్ చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

నా దగ్గరకు సలహా కోసం వచ్చే తల్లిదండ్రులలో చాలామంది కుర్చీలో కూర్చోగానే ఫోన్ తీసి ఒక పట్టిక చూపిస్తారు. వాట్సాప్ గ్రూపులలో చేతులు మారుతూ వచ్చిన ఆ పట్టికలో ఒక వైపు ఎమోజీ బొమ్మలు, మరో వైపు వాటికి ఉన్నాయని చెప్పే రహస్యార్థాలు ఉంటాయి. "మా అమ్మాయి చాట్‌లో వీటిలో ఒక్కటి కూడా లేదండీ, అంటే భయం లేనట్టే కదా?" అని అడుగుతారు. ఔనని చెప్పగలిగితే నాకూ సంతోషమే, కానీ చెప్పలేను. ఎందుకంటే పిల్లలతో స్నేహం నటించి దగ్గర కావాలనుకునే మనిషి ఆ పట్టికలోని బొమ్మలతో మొదలుపెట్టడు. మీరు రోజూ పొద్దున్నే మీ బంధువుల గ్రూపులో పెట్టే నవ్వుముఖం, చప్పట్లు, పువ్వు, ఎర్ర గుండె, వీటితోనే మొదలుపెడతాడు. ఈ బొమ్మలు హెచ్చరిక పట్టికలలో సాధారణంగా ఉండవు, ఉండవలసిన అవసరమూ లేదు. పైగా పిల్లలు వాడే గూఢార్థాలు ఊరిని బట్టి, బడిని బట్టి, ఏడాదిని బట్టి మారిపోతుంటాయి. పట్టిక మన చేతికి వచ్చేసరికి పిల్లలు ఆ బొమ్మను వదిలేసి మరొకటి పట్టుకుని ఉంటారు.

కనుక ఈ సాయంత్రం నేను ఏ బొమ్మకు ఏ అర్థమో చెప్పబోవడం లేదు. బొమ్మలు ఏ వరుసలో వస్తున్నాయి, ఏ వేళకు వస్తున్నాయి, ఏ మాట పక్కన వస్తున్నాయి అన్నది ఎలా గమనించాలో చెబుతాను.

ముందుగా, ఈ బొమ్మలు ఎందుకు పుట్టాయో ఒక్క నిమిషం చూద్దాం. ఎమోజీ అన్నది జపాన్ మాట. 'ఎ' అంటే బొమ్మ, 'మోజి' అంటే అక్షరం. 1999లో అక్కడి డొకోమో ఫోన్ల కోసం షిగెతాకా కురితా 176 చిన్న బొమ్మలు తయారు చేశారు. 2010లో యూనికోడ్ అనే అంతర్జాతీయ అక్షర ప్రమాణంలో ఎమోజీలు పెద్ద సంఖ్యలో చేరిన తర్వాత అవి క్రమంగా అన్ని ఫోన్లలోకీ వచ్చాయి. ఫోన్‌లో టైపు చేసిన రెండు మాటలకు గొంతు ఉండదు; అవి కోపంతో అన్నవో, నవ్వుతూ అన్నవో తెలియదు. ఆ గొంతు లేని లోటును బొమ్మ తీరుస్తుంది. మన పిల్లలకైతే అది లోటు తీర్చే వస్తువు కాదు, అదే గొంతు. "సరే" అని ఊరికే రాస్తే కోపం వచ్చిందనుకుంటారు, "సరే" పక్కన నవ్వుముఖం ఉంటే మామూలుగా ఉన్నారనుకుంటారు.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. అసలు గొంతు మనిషిని పట్టిస్తుంది. నలభై ఐదేళ్ల మనిషి ఫోన్ చేసి "నాకు పద్నాలుగేళ్లు" అంటే పిల్లలు కూడా నమ్మరు. చేతిరాత పట్టిస్తుంది, యాస పట్టిస్తుంది, వాక్యం కూర్చే తీరు కూడా కొంతవరకు పట్టిస్తుంది. బొమ్మ మాత్రం పట్టించదు. నలభై ఐదేళ్ల మనిషి పంపిన గుండె, పన్నెండేళ్ల పిల్ల పంపిన గుండె తెర మీద ఒకే ఎరుపుతో, ఒకే కొలతతో కనిపిస్తాయి. కనుక వయసు దాచదలచుకున్నవాడు మాటలు తగ్గించి బొమ్మలు పెంచుతాడు.

చెన్నైలో ఉన్న మనకు దీనికి తోడు ఇంకొకటి ఉంది. మన పిల్లలు బడిలో ఇంగ్లీషు, వీధిలో తమిళం, ఇంట్లో తెలుగు మాట్లాడతారు. చాలామందికి తెలుగు చదవడం, రాయడం రాదు కనుక ఇంగ్లీషు అక్షరాలలోనే తెలుగు టైపు చేస్తారు. అలాంటి పిల్లకు ఎక్కడో ఒక ఆటలో "నువ్వూ తెలుగేనా!" అని ఒకరు తగిలితే కలిగే సంతోషం మనకు తెలియనిది కాదు. టి. నగర్ బస్సులో పక్క సీట్లో ఎవరైనా తెలుగు మాట్లాడితే మనమే వెనక్కి తిరిగి పలకరిస్తాం. ఆ తెలుగు నాలుగు మాటలు, పక్కన పది బొమ్మలు ఉంటే చాలు, పిల్ల మనసులో ఆ మనిషి మనవాడైపోతాడు.

ఇప్పుడొక పిల్ల సంగతి చెబుతాను. బాధితులైన పిల్లల గుర్తింపు బయటపెట్టకూడదని పోక్సో చట్టమే చెబుతుంది కనుక ఊరు, వయసు, ఇంటి వివరాలు మార్చాను. జరిగిన క్రమం మాత్రం మార్చలేదు. ఆమెకు 12 ఏళ్లనుకోండి, ఏడో తరగతి. నెల్లూరు వైపు నుంచి వచ్చి వేలచ్చేరిలో ఉంటున్న కుటుంబం. వేసవి సెలవులలో ట్యాబ్‌లో ఇళ్లు కట్టే ఆట ఒకటి ఆడుతుండేది. అందులో ఆడేవాళ్లు ఒకరితో ఒకరు చాట్ చేసుకోవచ్చు. తాను కోయంబత్తూరులో ఉంటున్న తెలుగు అబ్బాయినని, 14 ఏళ్లని చెప్పుకున్న ఒక ఆటగాడు అక్కడ పరిచయమయ్యాడు.

మొదటి వారం చాట్ చదివితే అందులో తప్పు పట్టవలసింది ఏమీ లేదు. ఆమె ఇల్లు కడితే చప్పట్లు, మెట్లు బాగా కుదిరితే బహుమతి కప్పు బొమ్మ, "సూపర్" అన్న మాట. ఇంట్లో ఆ వారం ఆ పిల్లను మెచ్చుకున్నవాళ్లు ఎవరూ లేరు. సెలవులలో ట్యాబ్ పట్టుకుని కూర్చున్న పిల్లను ఎవరు మెచ్చుకుంటారు?

రెండో వారంలో జరిగినది నాకు చదివేటప్పుడు కూడా వెంటనే కంటికి ఆనలేదు. ఆ పిల్లకు ప్రతి సందేశం చివర రెండు సీతాకోకచిలుకలు, ఒక నక్షత్రం పెట్టడం అలవాటు. అది ఆమె సంతకం లాంటిది. పరిచయమైన తొమ్మిదో రోజుకు అతని సందేశాల చివర కూడా రెండు సీతాకోకచిలుకలు, ఒక నక్షత్రం రావడం మొదలైంది. ఆమె ఒక బొమ్మను మానేస్తే అతనూ మానేశాడు, ఆమె కొత్తది పెడితే మర్నాటికి అతని దగ్గరా అదే ఉంది. తర్వాత ఆ పిల్ల నాతో అన్న మాట, "వాడు అచ్చం నాలాగే ఉంటాడు ఆంటీ" అని. నిజమైన స్నేహితులు కూడా ఒకరి అలవాట్లు ఒకరు పట్టుకుంటారు, కాదనను. కానీ వాళ్ల మధ్య అది రెండు వైపులా జరుగుతుంది. ఈ చాట్‌లో నెలన్నర పాటు అది ఒక వైపు నుంచే జరిగింది. అతనిదంటూ ఒక అలవాటు, ఒక ఇష్టం, ఒక పేచీ, ఏదీ ఆ చాట్ మొత్తంలో కనిపించలేదు.

మూడో వారంలో సంభాషణ ఆటలోంచి వేరే మెసేజింగ్ యాప్‌లోకి మారింది. "ఇక్కడ స్లోగా ఉంది" అన్నది కారణం, పక్కన నవ్వుముఖం. అక్కడికి వెళ్లగానే సందేశాలు 24 గంటలలో వాటంతట అవే మాయమయ్యేలా సెట్టింగ్ పెట్టించాడు. అందుకే అక్కడి నుంచి నేను చెబుతున్నది కొంత ఆ పిల్ల జ్ఞాపకం నుంచి, కొంత ఆమె దాచుకున్న స్క్రీన్‌షాట్ల నుంచి. స్నేహితుడి తీపి మాటలను పిల్లలు దాచుకుంటారు కనుక అవైనా మిగిలాయి.

నాలుగో వారంలో ఆకు వచ్చింది. ఇంట్లో ఎవరైనా దగ్గరలో ఉంటే ఏదైనా ఒక బొమ్మ పంపమని, ఏ బొమ్మో ఆమెనే ఎంచుకోమని అడిగాడు. బాల్కనీలో తులసికోట ఎదురుగా కూర్చుని ఉన్న పిల్ల ఆకు బొమ్మను ఎంచుకుంది. ఆనాటి నుంచి అమ్మ గదిలోకి వస్తే ఒక ఆకు వెళ్లేది, అవతల వెంటనే ఆట గురించిన మాటలు మొదలయ్యేవి. ఎంచుకున్నది ఆమె కావడం మామూలు విషయం కాదు, దాని దగ్గరకు మళ్లీ వస్తాను.

ఐదో వారంలో ఒక రోజు నెల్లూరులో పెళ్లికి వెళ్లి నాలుగు గంటల పాటు ఆమె జవాబివ్వలేదు. తిరిగి చూసుకునేసరికి వరుసగా పదకొండు ఏడుపు ముఖాలు, ఒక విరిగిన గుండె, ఆ తర్వాత "పర్లేదులే, నువ్వు హ్యాపీగా ఉంటే చాలు" అన్న మాట, పక్కన చిన్న నవ్వుముఖం ఉన్నాయి. పెళ్లిభోజనం మధ్యలో లేచి వెళ్లి ఆ పిల్ల క్షమాపణ చెప్పింది. ఆ తర్వాత బాత్‌రూమ్‌కు కూడా ట్యాబ్ తీసుకెళ్లడం మొదలైంది. ఏడుపు ముఖం ఇక్కడ ముకుతాడు పని చేసింది. ఎవరూ ఆమెను తిట్టలేదు, బెదిరించలేదు, అయినా ఆమె ప్రతి క్షణం అందుబాటులో ఉండవలసిన మనిషైపోయింది.

ఆరో వారంలో ఫోటోలు అడగడం మొదలైంది. మొదట తులసికోట ఫోటో, తర్వాత ఆమె గది, తర్వాత ఆమె ముఖం. ప్రతి దానికీ తెర నిండా గుండెలు. ఆ తర్వాత ఒక రాత్రి ఆమెకు ఇబ్బంది కలిగించే ఫోటో అడిగాడు, పక్కన కన్నీళ్లు వచ్చేలా నవ్వే ముఖం పెట్టి. ఆమె ఏమీ అనకపోయేసరికి "ఊరికే అన్నాలే" అని మళ్లీ అదే నవ్వు.

ఈ నవ్వు గురించి కొంచెం నిలబడి ఆలోచించమని మిమ్మల్ని కోరుతున్నాను. పిల్ల ఒప్పుకుంటే అది కోరిక, ఒప్పుకోకపోతే అది హాస్యం. అడిగినవాడికి రెండు వైపులా దారి తెరిచే ఉంటుంది, పిల్లకు మాత్రం ఏ దారీ ఉండదు. కోపం తెచ్చుకుంటే "జోక్ అర్థం కాలేదా" అంటారు, ఊరుకుంటే రేపు మళ్లీ అడుగుతారు. ఇలాంటి సందేశాన్ని పిల్లలకు అర్థం చేయించడానికి నేను తరగతులలో ఒక చిన్న పని చేయిస్తాను. సందేశాన్ని కాగితం మీద పెద్దగా రాసి, చివర ఎమోజీ గీసి, ఆ బొమ్మను బొటనవేలితో మూసి మిగిలిన మాటలు మాత్రం గట్టిగా చదవమంటాను. "ఫోటో పంపు, ఇంట్లో చెప్పకు" అన్న మాట బొమ్మ లేకుండా చదివినప్పుడు ఏ పిల్లా నవ్వదు. మళ్లీ వేలు తీసి చదవమంటే వాళ్లే అంటారు, "బొమ్మ ఉంటే జోక్‌లా ఉంది మిస్" అని. బొటనవేలు పెట్టి చదివితే అదే మాట ఎవరి నోటి నుంచి వచ్చినట్టు అనిపిస్తోంది అని అప్పుడు అడుగుతాను. ఈ పని ఇంట్లో చేయడానికి అయిదు నిమిషాలు చాలు. పిల్లల చాట్ తెరవనక్కరలేదు, మీకు వచ్చిన సందేశాలతోనే చేయవచ్చు.

ఆ తల్లి దీన్ని ఎలా కనిపెట్టిందో చెప్పాలి. ఆమె ట్యాబ్ తనిఖీ చేయలేదు, ఏ యాప్ పెట్టి నిఘా వేయలేదు. ఉతికిన బట్టలు పెట్టడానికి గదిలోకి వెళ్లినప్పుడల్లా పిల్ల వేలు ఒక్కసారి తెర మీద అదే చోట కదలడం చూసింది. మూడోసారో, నాలుగోసారో తెర మీద ఒంటరిగా ఒక పచ్చని ఆకు కనిపించింది. మాట లేదు, ప్రశ్న లేదు, జవాబు లేదు, ఒట్టి ఆకు. మర్నాడు వంటింట్లో చిక్కుడుకాయలు వలుస్తూ, "ఆ ఆకు ఎవరి కోసం రా?" అని మాత్రం అడిగింది. పిల్ల అప్పుడేమీ చెప్పలేదు. ఆ తల్లి రెట్టించలేదు, ట్యాబ్ లాక్కోలేదు. మూడో రోజు రాత్రి దీపం ఆర్పాక పిల్లే మొదలుపెట్టింది.

పది రోజుల తర్వాత నా గదిలో ఆ పిల్ల అన్నది ఇది: "ఆకు నేనే సెలెక్ట్ చేశాను కదా, అందుకే అమ్మకు చెప్పలేకపోయాను." రహస్యపు గుర్తును పిల్ల చేతే ఎంపిక చేయించడంలో ఉన్న కుట్ర ఇదే. తనను మోసగించారని కాక, తానూ తప్పులో భాగమైపోయానని పిల్ల అనుకుంటుంది. కనుక ఇలాంటి విషయం బయటపడినప్పుడు "నువ్వెందుకు చేశావు?" అన్న ప్రశ్న మన నోట రాకూడదు. ఆ ప్రశ్నకు ఆ పిల్ల దగ్గర ముందే ఒక జవాబుంది, ఆ జవాబే ఆమె నోరు నొక్కేసింది.

ఇక మీరు అడగబోయేది నాకు తెలుసు: మామూలు స్నేహాలలో కూడా ఇవన్నీ ఉంటాయి కదా, తేడా ఎలా తెలుస్తుంది? న్యాయమైన ప్రశ్న. అమ్మ వస్తోందని స్నేహితురాలికి ఒక గుర్తు పంపడం పదమూడేళ్ల పిల్లలందరూ చేసేదే. గుండెల వాన కురిపించడమూ అంతే. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా నేరం జరుగుతోందని అనుకుంటే పిల్లలు మన ముఖం కూడా చూడరు. అందుకని నేను మొదట అడిగేది బొమ్మల గురించి కాదు. ఈ మనిషిని మన ఇంట్లోవాళ్లు గాని, నీ బడిలోవాళ్లు గాని ఎవరైనా ఎదురుగా చూశారా అని. చూశారంటే చాలావరకు ఊపిరి పీల్చుకోవచ్చు, పూర్తిగా కాదు. చూడలేదంటే అప్పుడు మిగిలినవి వరుసగా గమనించాలి.

వాటిలో నాకు అన్నిటికంటే నమ్మకమైనది వేళ. పద్నాలుగేళ్ల పిల్లవాడికి ఒక దినచర్య ఉంటుంది. బడి తెరిచాక మంగళవారం ఉదయం 11 గంటలకు అతను తరగతిలో ఉండాలి. సాయంత్రం ట్యూషన్ ఉంటుంది. పరీక్షల ముందు వాళ్లమ్మ ఫోన్ తీసేసుకుంటుంది. ఎప్పుడో ఒకప్పుడు అలుగుతాడు, విసుక్కుంటాడు, రెండు రోజులు మాయమవుతాడు. ఏ వేళ సందేశం పంపినా నిమిషంలో గుండెతో జవాబిచ్చేవాడు, ఎన్నడూ విసుగుపడనివాడు, ఒక్క పోట్లాట కూడా రానివాడు పిల్లవాడు కాదని అనుమానించడానికి కారణం ఉంది. ఆ వేలచ్చేరి పిల్ల అతని గురించి గర్వంగా చెప్పిన మాటే నన్ను కలవరపెట్టింది: "మేము ఒక్కసారి కూడా ఫైట్ చేయలేదు ఆంటీ."

రెండోది, చోటు మారడం. ఆటలోని అందరి చాట్ నుంచి ఇద్దరి చాట్‌కు, అక్కడి నుంచి సందేశాలు మాయమయ్యే చోటుకు, ఎప్పుడూ నవ్వుముఖంతోనే, ఎప్పుడూ ఏదో చిన్న కారణంతోనే జరుగుతుంది. ముఖం చూపించమంటే కెమెరా పాడైందంటారు. వీడియోలో ముఖం కనిపించినంత మాత్రాన కూడా నమ్మకూడదు. వేరొకరి వీడియో పెట్టి చూపించవచ్చు.

మూడోది పిల్లలోనే కనిపిస్తుంది. ఫోన్ మోగితే సంతోషం కాదు, కంగారు కనిపిస్తుంది. తానే ముందు జవాబివ్వకపోతే ఎవరో బాధపడతారన్న కంగారు అది. స్నేహం వల్ల పిల్ల ఆకలి, నిద్ర పెరగకపోయినా ఫర్వాలేదు, తగ్గిపోతున్నాయంటే మాత్రం కూర్చుని మాట్లాడవలసిందే.

ఇక్కడ ఒక సంగతి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే దీనివల్ల రెండు ఇళ్లలో అనవసరంగా గొడవలు జరగడం నేను చూశాను. కొన్ని గుర్తులు మనుషులు పంపినవి కావు, యాప్ తనంతట తాను పెట్టేవి. స్నాప్‌చాట్‌లో ఇద్దరు వరుసగా కొన్ని రోజులు ఒకరికొకరు స్నాప్‌లు పంపుకుంటే పేరు పక్కన 🔥 మంట బొమ్మ, దాని పక్కన రోజుల లెక్క కనిపిస్తాయి. ఆ వరుస తెగిపోబోతుంటే ⌛ ఇసుక గడియారం కనిపిస్తుంది. ఇద్దరూ మిగతా అందరికంటే ఒకరికొకరే ఎక్కువగా స్నాప్‌లు పంపుకుంటే పసుపు గుండె, అలాగే రెండు వారాలు సాగితే ఎర్ర గుండె వస్తాయి. కూతురి ఫోన్‌లో తరగతి స్నేహితుడి పేరు పక్కన ఎర్ర గుండె చూసి చేయిచేసుకున్న తండ్రికి అది యాప్ పెట్టిన లెక్క అని చెప్పినప్పుడు ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఐతే ఈ గుర్తులు మనకు ఒక విషయం చెబుతాయి: ఎవరితో ఎడతెగకుండా మాటలు నడుస్తున్నాయో అవే చూపిస్తాయి. మంట పక్కన ఉన్న పేరు ఎవరిదో మీ పిల్ల చెప్పగలిగితే మంచిదే. "ఆటలో ఫ్రెండ్" అంటే ఇందాకటి ప్రశ్న అడగండి.

మగపిల్లల తల్లిదండ్రులు ఇది ఆడపిల్లల విషయమని తేలిగ్గా తీసుకోవద్దు. పెద్ద తరగతుల మగపిల్లల దగ్గర ఇదే మోసం వారాలు కాదు, గంటలలో ముగుస్తుంది. అందమైన అమ్మాయి ప్రొఫైల్, గుండె కళ్ల ముఖం, సిగ్గుపడే కోతి బొమ్మ, ఆ రాత్రే ఒక ఫోటో, తెల్లవారేసరికి "డబ్బు పంపకపోతే నీ స్నేహితులందరికీ పంపుతాను" అన్న బెదిరింపు. ఆ చివరి సందేశంలో బొమ్మలు ఉండవు. డబ్బు ఇస్తే అడగడం ఆగదు, ఇంకా అడుగుతారు. ఆ స్థితిలో పిల్లవాడు ఒంటరిగా గదిలో ఉండకూడదు, రాత్రి అతని పక్కన ఎవరో ఒకరు పడుకోవాలి. డబ్బు పంపేసి ఉంటే వెంటనే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయండి, ఎంత త్వరగా చేస్తే ఆ సొమ్మును ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

ఇప్పుడు విషయం తెలిశాక ఏం చేయాలన్నది. కోపంతో అందరూ మొదట చేసేది బ్లాక్ చేసి చాట్ అంతా చెరిపేయడం. దయచేసి ఆగండి. సందేశాలు మాయమయ్యే సెట్టింగ్ ఉంటే ఉన్నవాటినైనా ఆ క్షణమే స్క్రీన్‌షాట్ తీయండి. కొన్ని యాప్‌లలో స్క్రీన్‌షాట్ తీస్తే అవతలివాడికి తెలుస్తుంది, అందువల్ల అక్కడ రెండో ఫోన్‌తో తెరను ఫోటో తీయండి. మాటలే కాక అతని ప్రొఫైల్ పేజీ, యూజర్‌నేమ్, తేదీ, వేళ కనిపించాలి; తెర మీద చూపించే పేరు రోజూ మార్చుకోవచ్చు కనుక అది ఒక్కటే సరిపోదు. పిల్ల పేరుతో మీరే చాట్ చేసి అతణ్ణి పట్టుకోవాలని చూడవద్దు. ఒక తండ్రి అలా చేశాడు. రెండు నిమిషాలలో అవతల అకౌంటే లేకుండా పోయింది. ఆయన కామాలు, ఫుల్‌స్టాప్‌లు పెట్టి రాశాడు, ఆయన కొడుకు ఎన్నడూ పెట్టడు.

ఒక జాగ్రత్త మరీ ముఖ్యం. పిల్లల అసభ్యమైన ఫోటో ఏదైనా ఆ చాట్‌లో ఉంటే దానిని సాక్ష్యమని కూడా కాపీ తీయవద్దు, బంధువులకు గాని, బడి గ్రూపుకు గాని పంపవద్దు. అలాంటి చిత్రాన్ని పంచడం పోక్సో, ఐటీ చట్టాల కింద నేరం. దానిని ఊరికే దాచుకోవడం నేరం కాదని 2024 జనవరిలో మన మద్రాసు హైకోర్టు ఇచ్చిన తీర్పును అదే ఏడాది సెప్టెంబరులో సుప్రీంకోర్టు కొట్టివేసి, చట్టాన్ని కఠినంగానే చదవాలని చెప్పింది. ఆ ఫోన్‌ను అలాగే పోలీసులకు చూపించండి. ఫోటో బయటకు పోతుందన్న భయం ఉంటే 18 ఏళ్ల లోపు పిల్లల కోసం Take It Down అనే ఉచిత సేవ ఉంది. అక్కడ ఫోటోను ఎక్కించనక్కరలేదు, మీ ఫోన్‌లోనే దానికొక అంకెల గుర్తు తయారై అది మాత్రమే వెళుతుంది, ఆ సేవలో చేరిన యాప్‌లు ఆ గుర్తుతో ఫోటోను పట్టుకుని తొలగిస్తాయి.

ఫిర్యాదు చేయడానికి cybercrime.gov.in ఉంది, పిల్లలకు, స్త్రీలకు సంబంధించిన వాటిని పేరు చెప్పకుండా కూడా అక్కడ నమోదు చేయవచ్చు. పిల్లల సహాయం కోసం 1098 రాత్రీ పగలూ పనిచేస్తుంది. పోలీసు స్టేషన్ అంటే జంకేవారికి మన ఊళ్లో ఒక సౌకర్యం ఉంది. 1992లో తమిళనాడులో మొదటిసారిగా థౌజండ్ లైట్స్‌లో మొదలైన మహిళా పోలీసు స్టేషన్లు ఇప్పుడు నగరమంతటా ఉన్నాయి, పోక్సో ఫిర్యాదులు అక్కడ ఇవ్వవచ్చు. "ఏమీ జరగలేదు కదా, మాటలే కదా" అని వెనక్కి తగ్గవద్దు. పిల్లలను లైంగిక ఉద్దేశంతో ఆన్‌లైన్‌లో సంబంధంలోకి లాగడమే ఐటీ చట్టం 67బి సెక్షన్ కింద నేరం, మొదటిసారికే అయిదేళ్ల దాకా జైలు ఉంది, ఎదురుపడి కలవనక్కరలేదు. పోక్సో 19వ సెక్షన్ ప్రకారం నేరం జరిగిందని తెలిసిన పెద్దలు చెప్పి తీరాలి, అది మన ఇష్టానికి వదిలినది కాదు. నేను కౌన్సెలర్‌ను కనుక రహస్యంగా ఉంచుతానని ఏ పిల్లకూ మాట ఇవ్వను. ఎవరికి చెప్పాల్సి వస్తుందో ముందే ఆ పిల్లకు చెప్పి, ఆమె పక్కనే ఉండి చెబుతాను.

వేలచ్చేరి పిల్ల కేసు ఇంకా నడుస్తోంది కనుక అతడెవరన్నది నేను మాట్లాడకూడదు. కోయంబత్తూరు కాదని మాత్రం తెలిసింది. ట్యాబ్‌ను తల్లి మూడు వారాల తర్వాత తిరిగి ఇచ్చింది, ఇప్పుడది హాల్లో ఛార్జ్ అవుతుంది. ఆట కూడా మాన్పించలేదు. అందులో తెలిసినవాళ్లు తప్ప ఎవరూ చాట్ చేయకుండా సెట్టింగ్ మార్చి, ఆ జాబితాలోని పేర్లు ఇద్దరూ కలిసి చదివారు. పిల్ల సందేశాల చివర సీతాకోకచిలుకలు లేవు ఇప్పుడు. మానేశానంది. వాటిని మళ్లీ పెట్టుకోవాలనిపించినప్పుడు పెట్టుకోమన్నాను.

ప్రశ్నలకు వెళ్లే ముందు మీ ఫోన్లు తీయండి. మీ పిల్లలు ఆడే ఆట ఏదో పక్కవాళ్లతో చెప్పుకోండి; వెనక బల్ల దగ్గర ఉన్న ఇద్దరు వాలంటీర్లు ఆ ఆటలో చాట్ సెట్టింగ్ ఎక్కడుందో చూపిస్తారు. ఆట పేరు తెలియనివారు ఇప్పుడే ఇంటికి ఫోన్ చేసి పిల్లలనే అడగండి, మేము ఆగుతాం.